ఇస్కపల్లి కట్ట మీద మిణికిన తెల్లదీపం

మొన్న ఎండాకాలంలో ఒక రొయ్యల రైతు మా షాపుకి వచ్చి, గోనెసంచిలోంచి అరచేతిమందం ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. కావలిలో ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, మోటారు ప్యానెళ్లు బాగుచేయడం నా పని. ఆయన గుంటలు అల్లూరు మండలంలో, ఇస్కపల్లి దగ్గర.

"ఇది చూడబ్బాయ్. పెట్టి నాలుగు నెలలు కూడా కాలేదు. ఇప్పుడు దానికి బుద్ధి పుడితే వెలుగుతాది, లేకపోతే లేదు."

డబ్బాలో రెండు వరుసలున్నాయి. పైన మూడు తెల్ల ఎల్ఈడీలు, కింద మూడు ఎర్రవి. గుంటకట్ట మీద ఒక స్తంభానికి దీన్ని బిగించారు. కరెంటు ఉంటే తెల్లవి వెలగాలి, పోతే ఎర్రవి వెలగాలి. రాత్రిపూట కాపలా మనిషి షెడ్డులో పడుకున్నా కన్ను తెరిస్తే కనబడుతుంది. వనామీ రొయ్యల గుంటలో నడిరాత్రి నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే ఏమవుతుందో ఆ పక్క ఊళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేలోపు జనరేటర్ వేయాలి. కాబట్టి చూడ్డానికి ఆరు దీపాల బొమ్మలా ఉన్నా ఆ డబ్బా మీద బరువు బాగానే ఉంది.

కరెంటు ఉందని చెప్పడానికి 230 వోల్టుల ఇండికేటరే పెట్టొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నేనూ అదే అడిగాను. తడికట్ట మీద, ఉప్పునీళ్ల పక్కన, అరవై మీటర్ల దూరం 230 వోల్టుల తీగ లాగడం ఆయనకి ఇష్టం లేదు. నిజమే, ఎవరైనా చేయి పెడితే ప్రమాదం. అందుకని షెడ్డులో ఒక 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ, దానికి చార్జరు, ప్యానెల్లో ఒక రిలే పెట్టించాడు. కరెంటు ఉన్నంతసేపు రిలే బ్యాటరీ పాజిటివ్‌ని తెల్లవరుసకి ఇస్తుంది. కరెంటు పోగానే రిలే వదిలేసి ఎర్రవరుసకి ఇస్తుంది. కట్ట మీదికి మూడు సన్నతీగలు, అంతే. డిజైన్ బాగుంది. చేసిన కుర్రాడు తెలివైనవాడే అనుకున్నాను, ఇప్పటికీ అదే అంటాను.

మరి జరిగిందేమిటి? పది రోజులుగా తెల్లవరుస మిణకడం మొదలుపెట్టింది. కాసేపు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. కాపలా మనిషి ఇదొక సిగ్నల్ అనుకున్నాడు. కరెంటు లోపల ఎక్కువతక్కువలు అవుతోందేమో, అందుకే దీపం కొట్టుకుంటోందేమో అని రెండు రాత్రులు జనరేటర్ వేసేశాడు. కరెంటు ఉండగానే డీజిల్ కాలింది. రైతు కోపం దీపం మీద కంటే ఆ డీజిల్ మీదే.

మిణకడం ఎక్కడ నుంచి

షాపులో బెంచి సప్లయిని 13.8 వోల్టులకి పెట్టి తెల్లవరుసకి ఇచ్చాను. వెలిగింది. కళ్లు చికిలించుకునేంత గట్టిగా వెలిగింది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. నాలుగు నిమిషాలకి టక్కుమని ఆరిపోయింది. అర నిమిషం ఆగి మళ్లీ వచ్చింది.

ఎల్ఈడీ లోపల చిప్పుకీ కాలుకీ మధ్య తలవెంట్రుక కన్నా సన్నని తీగ ఒకటుంటుంది. లోపల వేడి ఎక్కువై, ఆ తీగ అతుకు వదులైతే, వేడెక్కినప్పుడు విడిపోతుంది, చల్లారితే మళ్లీ ఆనుకుంటుంది. వరుసలో ఒక్కదానికి అలా అయినా మూడూ ఆరతాయి, ఎందుకంటే మూడింటికీ పారేది ఒకే కరెంటు. మిణికే ఎల్ఈడీ కనబడితే నేను మొదట చూసేది దాంట్లో పారే కరెంటునే.

ఆరిన క్షణంలో మీటరు పెట్టి ఒక్కో ఎల్ఈడీ కాళ్ల మధ్య వోల్టేజ్ చూశాను. రెండింటి మీద దాదాపు సున్నా. మధ్యదాని మీద తొమ్మిది పైచిలుకు. తెగిపోయింది అదే. పూర్తి 13.8 ఎందుకు చూపలేదంటే, మీటరు లాగే ఆ చిటికెడు కరెంటు మిగతా రెండు ఎల్ఈడీల గుండా రావాలి, అవి తమ వాటా వోల్టేజ్ కొంత పట్టుకుంటాయి.

ఇక్కడ ఒక మాట. కొందరు పోయినదేదో తెలుసుకోడానికి ఒక్కో ఎల్ఈడీ కాళ్లకి అడ్డంగా తీగముక్క ఆనిస్తారు. నేను నేర్చుకునే రోజుల్లో అట్నే చేసి మంచి ఎల్ఈడీలు రెండు పోగొట్టుకున్నాను. ఒకదాన్ని దాటించగానే దాని వాటా మూడు వోల్టులు వచ్చి, వరుసలో కరెంటుని అదుపు చేసే రెసిస్టర్ మీద పడతాయి. ఈ డబ్బాలో అయితే కరెంటు 60 మిల్లీఆంపులు దాటిపోయేది. మీటరుతో చూడండి, తీగతో వద్దు.

ఇప్పుడు రెసిస్టర్ దగ్గరికి వద్దాం. డబ్బా మూత వెనక, తెల్లవరుసకి సిరీస్‌లో ఒక పావు వాట్ రెసిస్టర్. రంగులు గోధుమ, ఎరుపు, గోధుమ. అంటే 120 ఓములు. సప్లయి ఆన్‌లో ఉండి ఎల్ఈడీలు వెలుగుతుండగా దాని రెండు కాళ్ల మీద ప్రోబులు పెట్టాను. 4.5 వోల్టులు. ఎల్ఈడీలో ఎంత కరెంటు పారుతోందో తెలుసుకోడానికి తీగ కోసి మీటరు మధ్యలో పెట్టనక్కర్లేదు. రెసిస్టర్ మీది వోల్టేజ్‌ని దాని విలువతో భాగిస్తే సరిపోతుంది. 4.5ని 120తో భాగిస్తే 0.0375. అంటే 37.5 మిల్లీఆంపులు.

ఈ సైజు మామూలు 5 మిల్లీమీటర్ల తెల్ల ఎల్ఈడీకి ఎడతెగకుండా ఇవ్వదగ్గ కరెంటు రకాన్ని బట్టి 20 నుంచి 30 మిల్లీఆంపులు. అది కూడా చుట్టూ 25 డిగ్రీలు ఉన్నప్పటి మాట. మే నెలలో ఇస్కపల్లి ఎండలో, గాలి ఆడని నల్లడబ్బాలో ఎంతుంటుందో ఆలోచించండి. రాత్రీపగలూ తేడా లేకుండా అంత కరెంటు తాగుతూ నాలుగు నెలలు బతికిందంటే ఎల్ఈడీ గట్టిదే.

కుర్రాడు వేసిన లెక్క

ఆ కుర్రాడికి ఫోన్ చేశాను, తప్పు పట్టడానికి కాదు, లెక్క ఎలా వేశాడో వినాలని. "అన్నా, నేను సరిగ్గానే వేశా. బ్యాటరీ పన్నెండు. తెల్లది ఒక్కోటి 3.2, మూడు కలిపితే 9.6. ఇరవై మిల్లీఆంపులు." చెప్పినట్టే రాస్తే ఇది:

```
R = (Vs - Vf) / I
R = (12 - 9.6) / 0.020 = 120
```

ఫార్ములాలో తప్పేమీ లేదు. ఎల్ఈడీ వెలుగుతున్నప్పుడు తన కాళ్ల మధ్య దాదాపు స్థిరంగా ఒక వోల్టేజ్ పట్టి ఉంచుతుంది. ఎర్రదైతే రెండు వోల్టులు, తెల్లదైతే మూడు పైన. అదే ఫార్వర్డ్ వోల్టేజ్, పైన Vf అన్నది. వరుసలో మూడుంటే మూడింటివీ కలిపి Vf. సప్లయిలోంచి అది తీసేస్తే మిగిలినదంతా రెసిస్టర్ మీద పడుతుంది. ఆ మిగిలిన వోల్టేజ్‌ని మనకి కావలసిన కరెంటుతో భాగిస్తే ఓములు. కరెంటు ఆంపియర్లలో రాయాలి, 20 మిల్లీఆంపులంటే 0.020. ఇక్కడ సున్నాలు తప్పి 1.2 ఓములని, 12 కిలో ఓములని రాసుకొచ్చేవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

తప్పు ఎక్కడంటే మొదటి అంకె. పన్నెండు.

బ్యాటరీ మీద పెద్ద అక్షరాల్లో 12V అనే ఉంటుంది. అది పేరు. కొలత కాదు. చార్జరుకి తగిలించి ఉన్నంతసేపు ఆ బ్యాటరీ 13.5 నుంచి 13.8 మధ్య ఉంటుంది. ఈ మాట నేను చెప్పాల్సిన పని కూడా లేదు, ఎక్కువ సీల్డ్ బ్యాటరీల మీద చిన్న అక్షరాల్లో అచ్చు వేసే ఉంటుంది, స్టాండ్‌బై వాడకానికి 13.5 నుంచి 13.8 అని. చార్జరు తీసేసి కాసేపు ఆగితే నిండు బ్యాటరీ 12.7 దగ్గర నిలబడుతుంది. వాడుతూ పోతే దిగుతూ వచ్చి 10.5 దగ్గరికొస్తే ఖాళీ అయినట్టే. మధ్యలో ఎక్కడో 12 తగులుతుంది, దిగేటప్పుడు కాసేపు.

ఈ డబ్బాలో తెల్లవరుస వెలిగేది కరెంటు ఉన్నప్పుడు. కరెంటు ఉందంటే చార్జరు నడుస్తోంది. చార్జరు నడుస్తోందంటే 13.8. అంటే పన్నెండుకి లెక్కేసిన దీపం రోజులో ఎక్కువభాగం 13.8 మీదే బతుకుతోంది. 13.8 లోంచి 9.6 తీస్తే 4.2. దాన్ని 120తో భాగిస్తే 35 మిల్లీఆంపులు. నేను కొలిచిన 37.5 అంతకన్నా కొంచెం ఎక్కువ, ఎందుకంటే ఈ ఎల్ఈడీలు ఒక్కోటి 3.2 కాదు, 3.1 పడుతున్నాయి. వేడెక్కేకొద్దీ ఈ పట్టు ఇంకొంచెం తగ్గుతుంది కూడా.

1.8 వోల్టులు పెరిగితే కరెంటు దాదాపు రెట్టింపయింది. సప్లయి పెరిగింది నూటికి పదిహేను వంతులు. కరెంటు పెరిగింది నూటికి ఎనభై తొంభై. ఇది నమ్మడం కష్టం, కుర్రాడికీ కష్టమైంది.

అదే చేయి, అదే లెక్క, ఎర్రవరుస మాత్రం క్షేమం

ఎర్రవరుసని కూడా అతను పన్నెండు వోల్టులకే లెక్కేశాడు. ఒక్కోటి రెండు వోల్టులు, మూడు కలిపి ఆరు:

```
R = (12 - 6) / 0.020 = 300
```

దుకాణంలో 300 దొరకలేదు, 330 పెట్టాడు. సరైన పనే, దొరకనప్పుడు పై విలువకి వెళ్లాలి. నేను ఎర్రవరుసకి కూడా 13.8 ఇచ్చి చూశాను. ఆరు పోగా 7.8, దాన్ని 330తో భాగిస్తే 23.6. మీటరు కూడా ఇంచుమించు అదే చెప్పింది. ఎక్కువే, కానీ ప్రాణం తీసేంత కాదు. పైగా ఎర్రవరుస వెలిగేది కరెంటు లేనప్పుడు, అంటే చార్జరు లేనప్పుడు. మొదట కాసేపు 13 పైన ఉన్నా 12.7కి దిగుతుంది, అప్పుడు 20 మిల్లీఆంపులు. బ్యాటరీ 10.5కి వచ్చినా 4.5 వోల్టులు మిగులుతాయి, 13.6 మిల్లీఆంపులు పారతాయి. దూరం నుంచి కనబడుతుంది.

మరి రెండు వరుసలకీ తేడా ఏమిటి? రెసిస్టర్‌కి మిగిల్చిన వోల్టేజ్. ఎర్రవరుసలో సగం సప్లయి, ఆరు వోల్టులు రెసిస్టర్ మీద ఉన్నాయి. తెల్లవరుసలో మిగిలింది 2.4 మాత్రమే. సప్లయి 1.8 పెరిగితే ఆ పెరిగినదంతా రెసిస్టర్ మీదే పడుతుంది, ఎల్ఈడీలు తమ వాటా పెంచుకోవు. ఆరు ఉన్నచోట 1.8 వచ్చి చేరితే ఓ మూడో వంతు పెరిగినట్టు. 2.4 ఉన్నచోట అదే 1.8 చేరితే ముప్పాతిక వంతు. కరెంటు కూడా అంతే వంతున పెరుగుతుంది.

అందుకే వరుస ఎంత పొడుగు పెట్టాలన్నది ఎల్ఈడీలు వెలుగుతాయా లేదా అన్నదాన్ని బట్టి తేల్చకూడదు. పన్నెండులో మూడు తెల్లవి పడతాయి, నిజమే, లెక్క కుదురుతుంది. రెసిస్టర్‌లో పోయే వోల్టేజ్ దండగ కదా, ఎంత తక్కువైతే అంత మేలు కదా అని కూడా అనిపిస్తుంది. ఆ దండగే కాపలా. నా మట్టుకు నేను సప్లయిలో మూడో వంతైనా రెసిస్టర్‌కి మిగలాలని చూస్తాను. ఇదేమీ శాస్త్రం కాదు, బెంచి మీద అలవాటైన కొలత.

నేను మార్చినది

రైతుకి రెండు దార్లు చెప్పాను. తెల్లవరుసలో ఒక ఎల్ఈడీ తీసేసి రెండే ఉంచడం ఒకటి. మూడూ ఉంచి రెసిస్టర్ మార్చడం రెండోది. ఆయన వెంటనే, "తియ్యమాక. అసలే దూరం. మూడు ఉంటేనే నాకు కనబడేది" అన్నాడు.

సరే, మూడే. ఈ డబ్బాకి అది కుదురుతుంది, ఎందుకంటే తెల్లవరుస బతికేది ఒకే వోల్టేజ్ దగ్గర. పోయిన కరెంటు తిరిగొచ్చిన కాసేపు మాత్రం బ్యాటరీ దిగి ఉంటుంది, చార్జరు మెల్లగా పైకి తెస్తుంది. అప్పుడు దీపం కొంచెం మందంగా ఉంటుంది, ఏం ఫరవాలేదు. అదే ఈ వరుస బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా కూడా వెలగాలంటే మూడు పెట్టనిచ్చేవాణ్ని కాదు. 10.5 దగ్గర మూడు తెల్లవి పట్టుకున్నాక రెసిస్టర్‌కి ఒక్క వోల్టు కూడా మిగలదు, మిణుగురు పురుగంత వెలుగు వస్తుంది.

కరెంటు 20 కాదు, 15 మిల్లీఆంపులు అనుకున్నాను. 20కీ 15కీ వెలుగులో తేడా పక్కపక్కన పెడితే తప్ప కంటికి తెలియదు. వేడిలో మాత్రం తేడా ఉంది, అదీ ఎండలో.

```
R = (13.8 - 9.6) / 0.015 = 280
```

280 ఓముల రెసిస్టర్ మామూలు డబ్బాల్లో ఉండదు. కింద 270, పైన 330. నేను కూడా బద్ధకించాను, 270 దగ్గరే ఉంది కదా, పదిహేనున్నర వస్తుంది, ఏముందిలే అని అదే టంకం పెట్టేశాను. ఎల్ఈడీలు మూడూ కొత్తవి వేశాను. పాతవాటిలో రెండు వెలుగుతున్నా పక్కన పెట్టేశాను. అంత వేడి తిన్నవి ఎప్పుడు పోతాయో చెప్పలేం, కట్ట మీదికి మళ్లీ ఎక్కే ఓపిక ఎవరికీ లేదు.

ఆన్ చేసి రెసిస్టర్ మీద కొలిచాను. 4.8 వోల్టులు. 270తో భాగిస్తే 17.8 మిల్లీఆంపులు. కాగితం మీద 15.6 రావాలి. తేడా ఎక్కడిదంటే, నేను కూడా 3.2 అన్న అంకెని బుర్రలోంచి తీసి వాడాను, చేతిలో ఉన్న ఎల్ఈడీని కొలవలేదు. ఈ కొత్తవి ఒక్కోటి మూడు వోల్టులే పడుతున్నాయి. ఒక్కోదాంట్లో 0.2 తేడా, మూడింటికి 0.6. రెసిస్టర్‌కి మిగిలేదే నాలుగు పైచిలుకు కాబట్టి ఆ 0.6 కూడా లెక్కలోకి వచ్చేసింది. కుర్రాడికి చెప్పిన పాఠం పది నిమిషాల్లో నాకే తగిలింది.

17.8 అయినా చచ్చిపోదు. కానీ అనుకున్నది 15, పైగా ఎండ. 270 పీకేసి నారింజ, నారింజ, గోధుమ రంగులున్న 330 పెట్టాను. ఈసారి 4.9 వోల్టులు, అంటే 14.8 మిల్లీఆంపులు. ఇక దాన్ని ముట్టుకోలేదు.

మరి ఎల్ఈడీ ఫార్వర్డ్ వోల్టేజ్ ముందే తెలుసుకోవాలంటే ఎలా? మీటర్లో డయోడ్ మోడ్ పెట్టి చూస్తారు చాలామంది. ఎర్రదానికి పని చేస్తుంది, సన్నగా వెలుగుతుంది కూడా, 1.7, 1.8 అని చూపిస్తుంది. తెల్లదానికి, నీలానికి, ఇప్పటి ఆకుపచ్చకి చాలా మీటర్లు OL అని చూపిస్తాయి. ఎల్ఈడీ పోయిందనుకుని చెత్తలో వేసేవాళ్లు ఉన్నారు. పోలేదు, మీటరు ఇచ్చే వోల్టేజ్ దానికి చాల్లేదు, అంతే. నేను చేసేదేమిటంటే, ఎల్ఈడీకి ఒక 680 ఓముల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి పన్నెండు వోల్టుల సప్లయికి ఇస్తాను. తెల్లదైతే 13 మిల్లీఆంపుల దగ్గర, ఎర్రదైతే 15 దగ్గర పారుతుంది. అలా వెలుగుతుండగా ఎల్ఈడీ కాళ్ల మీద మీటరు చెప్పిందే దాని అసలు అంకె. ఒకే పొట్లంలోంచి నాలుగైదు తీసి చూస్తే చాలు.

ఆకుపచ్చ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పాతకాలం ఆకుపచ్చ, కొంచెం పసుపు కలిసినట్టుండేది, రెండు వోల్టులు పైన పట్టేది. ఇప్పుడు వచ్చే చిక్కటి ఆకుపచ్చ మూడు పైన పడుతుంది, తెల్లదానిలాగే. రంగు పేరు చూసి పాత పట్టికలోంచి అంకె తీస్తే లెక్క తప్పుతుంది.

రెసిస్టర్ వేడి, తీగ పొడవు

రెసిస్టర్ ఎంత వాట్ కావాలన్నది చివర్లో ఒక్క గుణకారం. దాని మీది వోల్టేజ్‌ని దాంట్లో పారే కరెంటుతో గుణించాలి. పాత 120 ఓముల మీద 4.5 వోల్టులు, 0.0375 ఆంపియర్లు, అంటే 0.17 వాట్. పావు వాట్ రెసిస్టర్ అది, అంకె ప్రకారం దాటలేదు. కానీ వేలు పెడితే చురుక్కుమంది, పక్కన ప్లాస్టిక్ కొంచెం పసుపెక్కింది. ఆ వేడి కూడా మూసిన డబ్బాలో ఎల్ఈడీల మీదికే పోతుంది. కొత్త 330 మీద 0.07 వాట్, చేతికి గోరువెచ్చగా కూడా తెలియదు. రాసి ఉన్న వాట్‌లో సగం దాటకుండా చూసుకుంటే మూసిన డబ్బాల్లో ఇబ్బంది రాదు.

రైతు ఇంకో అనుమానం అడిగాడు, అరవై మీటర్ల తీగలో వోల్టేజ్ తగ్గిపోదా అని. మంచి ప్రశ్న, ఎందుకంటే మోటార్లకి వాళ్లు రోజూ ఆ బాధ పడతారు. తీగ అర చదరపు మిల్లీమీటరు రాగిది. రానూ పోనూ 120 మీటర్లకి నాలుగు ఓములు పైచిలుకు. 15 మిల్లీఆంపులకి అందులో పోయేది వోల్టులో పదహారో వంతు కూడా లేదు. లెక్కలో కలపనక్కర్లేదు. అదే ఒక్కో వరుస ఒక ఆంపియర్ లాగే ఎల్ఈడీ స్ట్రిప్ అయితే నాలుగు వోల్టులు తీగలోనే పోతాయి, అప్పుడు తీగని మర్చిపోతే కుదరదు.

ఎర్రవరుసకి 330 తీసి 470 పెట్టాను. 12.7 దగ్గర 14 మిల్లీఆంపులు, ఖాళీ బ్యాటరీ మీద తొమ్మిదిన్నర. చెడింది కాదు అది, ఎలాగూ మూత విప్పాను కాబట్టి మార్చాను.

మళ్లీ కట్ట మీద

డబ్బా బిగించడానికి నేను కూడా వెళ్లాను. నిజానికి చార్జరు ఇచ్చేది 13.8 అవునో కాదో నా కళ్లతో చూసుకోవాలి. బెంచి మీద నేను అనుకున్న అంకె అది, అక్కడి అంకె కాదు. స్తంభం దగ్గర, తీగ చివర మీటరు పెట్టాను. 13.7. తెల్లవరుస రెసిస్టర్ మీద 4.8. చాలు. మెయిన్ ఆపించి ఎర్రవరుస చూశాను, మళ్లీ వేయించాను.

కాపలా మనిషి పక్కనే నిలబడి చూస్తున్నాడు. "ఇంక కొట్టుకోదా అన్నా ఇది?" అన్నాడు.

"కొట్టుకోదు. వెలిగితే కరెంటు ఉన్నట్టు. ఎర్రది వెలిగితే జనరేటర్ వెయ్యి. రెండూ లేకపోతే నాకు ఫోన్ చెయ్."

"ఎర్రదన్నా కొట్టుకునేటట్టు పెట్టకూడదా? నిద్రలో గమ్మున తెలుస్తాది."

అడిగింది న్యాయమే. మిణికే ఎల్ఈడీలు విడిగా దొరుకుతాయి, కానీ వాటి కడుపులో చిన్న చిప్పు ఉంటుంది, ఈ ఫార్ములాలో వాటిని మామూలు ఎల్ఈడీలా పెట్టకూడదు. దానికి వేరే సర్క్యూట్ చేసిస్తానని చెప్పాను, ఇంకా చేయలేదు.

రైతు మాత్రం ఊరుకోలేదు, జనరేటర్ మీద కూడా ఇట్నే ఒక దీపం పెట్టి పొమ్మన్నాడు, జనరేటర్ బ్యాటరీకే తగిలించి. అది కూడా 12 వోల్టులే. ఇంజన్ నడుస్తుండగా కొలిస్తే 14.4, ఆపితే 12.6. ఇక్కడ ఆయన్ని అడగకుండా రెండు తెల్లవే పెట్టాను. మూడేసి వోల్టుల చొప్పున ఆరు పోగా 14.4 దగ్గర 8.4 మిగిలింది, 15 మిల్లీఆంపులకి సరిగ్గా 560 ఓములు, అది మామూలుగా దొరికే విలువే. ఇంజన్ ఆపాక 11.8 మిల్లీఆంపులు. రెసిస్టర్ మీద 0.126 వాట్, పావు వాట్‌లో సగం దాటింది, ఇంజన్ పక్కన వేడి ఎలాగూ ఉంటుంది కాబట్టి అర వాట్‌ది వేశాను.

"రెండే పెట్టావే?" అన్నాడు ఆయన.

"దీనికింతే నాయనా" అన్నాను.